సున్నా తరువాత ఏమవుతుంది? పండుగ అమ్మకాల పేజీలో గడియారం, టిక్కు

ఆషాఢంలో చీరల దుకాణం ధర తగ్గిస్తే ఎందుకు తగ్గించిందని ఎవరూ అడగరు. ఆ నెలలో పెళ్లిళ్లు ఉండవు, బేరాలు మందగిస్తాయి, బీరువాల్లో సరుకు కదలదు. శ్రావణం వచ్చి ముహూర్తాలు, వరలక్ష్మీ వ్రతం మొదలయ్యాక తగ్గింపు బోర్డు దానంతటదే దిగిపోతుంది. ఆ గడువును దుకాణదారు కల్పించలేదు, పంచాంగం ఇచ్చింది. కొనేవాళ్లు దాన్ని సరిచూసుకోవచ్చు కూడా. గోడమీద క్యాలెండర్ చాలు.

దీపావళి అమ్మకం పేజీలో ఎర్ర అంకెలతో పరుగెత్తే గడియారానికి అలాంటి ఆధారం ఉందో లేదో చూడగానే తెలియదు. నిజమైన గడువుకూ, కల్పించిన గడువుకూ తెరమీద ఒకే రూపం. తేడా తెలిసేది ఒక్క క్షణంలోనే, అంకెలు సున్నాకు చేరినప్పుడు. ఆ క్షణం దాకా ఆగి చూసేవాళ్లు తక్కువ. గడియారం పెట్టిందే ఆగనివ్వకుండా చేయడానికి.

ఒక నమూనా తీసుకుందాం. బెంగళూరు మారతహళ్లిలో ఉద్యోగం చేస్తున్న అనంతపురం అమ్మాయి పండుగకు అమ్మకు ధర్మవరం పట్టుచీర పంపాలనుకుంది. చీరల దుకాణాలుండే చిక్‌పేట దాకా వెళ్లే తీరిక లేదు. రాత్రి పది దాటాక ఫోనులో ఒక చీరల అమ్మకం పేజీ తెరిచింది. బెంగళూరులో తెలుగువాళ్ల కొనుగోళ్లు ఎక్కువ కాబట్టి పేజీ తెలుగులోనే ఉంది. ఇది ఏ ఒక్క దుకాణం పేజీ కాదు. ఇలాంటి పేజీల్లో తరచు కనిపించే భాగాలను ఒకచోట కూర్చినది.

పైన గడియారం: "ఆఫర్ ముగియడానికి 00:14:52". దాని కింద చీర ధర ₹8,499, పక్కన కొట్టేసిన ₹13,999. ఆ కింద రెండు చిన్న వాక్యాలు: "3 మాత్రమే మిగిలాయి!", "ఇప్పుడు 27 మంది చూస్తున్నారు". ఆమె చీరను కార్ట్‌లో వేసి చెల్లింపు పేజీకి వెళ్లింది. అక్కడ మొత్తం ₹8,867 అని ఉంది. ₹368 ఎక్కడ పెరిగిందో చూడాలంటే "వివరాలు" అన్న చిన్న బాణాన్ని నొక్కాలి. నొక్కితే మూడు గడులు, మూడింటికీ టిక్కు: రవాణా రక్షణ ₹149, బహుమతి పెట్టె ₹199, విరాళం ₹20. ఏ ఒక్కటీ ఆమె పెట్టిన టిక్కు కాదు.

ఇలాంటి పేజీ నిర్మాణాలకు బ్రిటన్‌కు చెందిన డిజైన్ నిపుణుడు హ్యారీ బ్రిగ్నల్ 2010లో డార్క్ ప్యాటర్న్‌లు అని పేరు పెట్టారు. మన దేశంలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న వీటిని అరికట్టే మార్గదర్శకాలను ప్రకటించి, 13 రకాలను పేర్కొంది. పై పేజీలోని గడియారమూ, మిగిలిన చీరల లెక్కా అబద్ధమైతే అవి ఆ జాబితాలోని కల్పిత తొందర కిందికి వస్తాయి. అడగని వస్తువును చెల్లింపు వేళ కార్ట్‌లో చేర్చడం మరో రకం. అందులో విరాళాన్ని కూడా పేరుపెట్టి చెప్పారు. ముందే టిక్కు పెట్టిన గడుల మీద నిషేధం అంతకన్నా పాతది. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం కొనుగోలుకు సమ్మతి అంటే కొనుగోలుదారు తానై స్పష్టంగా చేసిన పని. ముందే టిక్కు పెట్టిన గడి ద్వారా ఆ సమ్మతిని నమోదు చేయకూడదు.

చట్టం ఇంత స్పష్టంగా ఉన్నా, కొనేవాళ్లకు ఫోను చేతిలో ఉన్న ఆ నిమిషంలో కావలసింది పరీక్షించే పద్ధతి. పేజీలో మాటలు రాసేవాళ్లకు కావలసింది ఆ చోట మరో వాక్యం.

గడియారాన్ని పరీక్షించడం

మొదటి పరీక్షకు అర నిమిషం పడుతుంది. అదే పేజీని బ్రౌజర్‌లోని ప్రైవేట్ విండోలో, అంటే ముందు దాచినదేదీ అందని కొత్త విండోలో తెరవాలి. మామూలు విండోలో 9 నిమిషాలు చూపిస్తున్న గడియారం అక్కడ మళ్లీ 15 నిమిషాల నుంచి మొదలైతే, ఆ గడువు అమ్మకానిది కాదు, పేజీ తెరిచిన మనిషిది. ఒక్కొక్కరికి ఒక్కో వేళకు ముగిసే అమ్మకం అంటూ ఉండదు. ఇలా ఎందుకు జరుగుతుందో లోపలి కోడ్ చూస్తే తేటగా తెలుస్తుంది:

```js
let end = localStorage.getItem("end");
if (!end || Date.now() > end) {
  end = Date.now() + 15 * 60 * 1000;
  localStorage.setItem("end", end);
}
```

ముగింపు సమయం బ్రౌజర్‌లో దాచి ఉందేమో మొదటి వరుస చూస్తుంది. లేకపోతే, లేదా ఆ సమయం దాటిపోయి ఉంటే, ఇప్పటినుంచి 15 నిమిషాలు లెక్కగట్టి కొత్త ముగింపును దాచుకుంటుంది. పేజీని మళ్లీ లోడ్ చేసినా గడియారం కొనసాగుతున్నట్టే కనిపించడానికి ఆ దాచడమే కారణం. ఒకసారి మళ్లీ లోడ్ చేసి చూసి, నిజమైనదే అని నమ్మేవాళ్లు ఇక్కడే మోసపోతారు. ప్రైవేట్ విండోకు ఆ దాచిన సమయం అందదు, అందుకే అక్కడ గుట్టు బయటపడుతుంది. ఈ అయిదు వరుసల్లో ధర అన్న మాటే లేదని కూడా గమనించాలి. గడియారానికీ ధరకూ మధ్య ఏ తీగా లేదు. సున్నా వచ్చినా ₹8,499 అలాగే ఉంటుంది.

చిన్న దుకాణదారుకు ఈ సంగతి తెలియకపోవచ్చు కూడా. ఇలాంటి గడియారాలు ఎవర్‌గ్రీన్ టైమర్ పేరుతో తయారు సరుకుగా దొరుకుతాయి, అంటే ఎప్పటికీ వాడిపోని గడువు అన్నమాట. 2019లో ప్రిన్స్‌టన్, షికాగో విశ్వవిద్యాలయాల పరిశోధకులు సుమారు 11,000 కొనుగోలు సైట్లను జల్లెడ పట్టినప్పుడు 1,818 డార్క్ ప్యాటర్న్‌లు దొరికాయి; వాటిని తయారుచేసి ఇతర సైట్లకు అందించే సంస్థలే 22 కనిపించాయి. చిక్‌పేటలో మూడు తరాలుగా మాటమీద నిలబడ్డ దుకాణం కూడా, సైటు కట్టించుకున్నప్పుడు వచ్చిన తయారు అమరికను మార్చకుండా వదిలేస్తే, అబద్ధం చెబుతున్న దుకాణమే అవుతుంది. తెలియక జరిగినా కొనేవాళ్లకు నష్టంలో తేడా ఉండదు. కాబట్టి సైటు కట్టినవాళ్లను దుకాణదారు ఒక్క ప్రశ్న అడగాలి: సున్నా వచ్చాక ధర ఎక్కడ మారుతుంది?

ప్రైవేట్ విండో పరీక్షకు రెండు హద్దులున్నాయి. అక్కడ గడియారం మళ్లీ మొదలైనంత మాత్రాన ప్రతిసారీ అబద్ధం అనలేం. సినిమా టికెట్ల పేజీలో సీట్లు ఎంచుకున్నాక కొద్ది నిమిషాల గడియారం కనిపిస్తుంది. ఆ కాసేపు ఆ సీట్లను ఇంకెవరికీ ఇవ్వకుండా ఆపి ఉంచుతారు కాబట్టి అది ఒక్కొక్కరికి వేరుగా ఉండడమే సరి. చీరల పేజీలో కూడా కార్ట్‌లో వేసిన చీరను నిజంగా ఆపి ఉంచితే అలాంటి గడియారం పెట్టవచ్చు. అయితే దాని పక్కన "ఈ చీరను మీకోసం 15 నిమిషాలు ఆపి ఉంచాం" అని ఉండాలి, ఆఫర్ ముగుస్తుందని కాదు. పైగా అది కార్ట్‌లో వేశాక మొదలవ్వాలి. పేజీ తెరవగానే కాదు.

రెండో హద్దు ఎదురువైపుది. గడియారం రెండు విండోల్లోనూ ఒకే అంకె చూపించవచ్చు, అయినా అబద్ధం కావచ్చు. ప్రతి రాత్రి 12 గంటలకు ముగిసి, 12 దాటగానే మరో 24 గంటలకు తిరిగి మొదలయ్యే గడియారాలు ఉంటాయి. "ఈ రోజే ఆఖరు" అన్న మాట ఆ పేజీలో రోజూ ఉంటుంది. దీన్ని పట్టుకోవడానికి ఒక రాత్రి ఆగడం తప్ప దగ్గరి దారి లేదు. ఇప్పుడు ఒక స్క్రీన్‌షాట్, మర్నాడు ఉదయం ఒకటి, రెండింటిలోనూ ఫోను పైభాగంలోని సమయం కనిపించేలా తీసుకోవాలి. ధర మారలేదా, గడియారం మళ్లీ నిండుగా ఉందా, అదే సాక్ష్యం. ఫిర్యాదు చేయదలిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు కావలసింది ఈ జంట స్క్రీన్‌షాట్లే. ఒక్క చిత్రంతో ఏ గడియారమూ అబద్ధమని తేలదు. పాత పేజీలను భద్రపరిచే వేబ్యాక్ మెషీన్‌లో ఆ చిరునామా ఉంటే పోయిన వారం, పోయిన నెల ధర కూడా చూడవచ్చు, కానీ చిన్న దుకాణాల పేజీలు అందులో తరచుగా దొరకవు.

ఈ పరీక్ష వెనుక ఉన్న కొలమానం కొత్తదేమీ కాదు. యూరోపియన్ కమిషన్ ఒత్తిడితో 2019 డిసెంబరులో బుకింగ్.కామ్ కొన్ని హామీలు ఇచ్చింది. గడువు తరువాత కూడా అదే ధర దొరికేటట్టయితే ఆ ఆఫర్‌ను గడువున్నదిగా చూపించకూడదన్నది వాటిలో ఒకటి. గడియారం గురించి ఇంతకన్నా సూటిగా చెప్పిన మాట దొరకడం కష్టం. అంకెల రంగు, పరిమాణం, అవి ఎంత వేగంగా కదులుతున్నాయి అన్నవన్నీ పక్కన పెట్టి, తరువాతి ధర ఒక్కటే చూడమంటోంది.

"3 మాత్రమే మిగిలాయి" అన్న మాటను పరీక్షించడం ఇంకొంచెం కష్టం. సంఖ్య పెంచి 5 చీరలు కార్ట్‌లో వేసి చూడవచ్చు. అంగీకరిస్తే అనుమానానికి తావుంది. అయితే కొన్ని సైట్లు చెల్లింపు దాకా నిల్వ లెక్క చూడవు, కాబట్టి ఇది రుజువు కాదు. చేనేత చీర విషయంలో ఇంకో మెలిక కూడా ఉంది. మగ్గం మీద ఒక చీర దిగడానికి రోజులు పడుతుంది, ఒక రంగులో మూడే ఉండడం మామూలు సంగతి. అబద్ధపు లెక్కలు చూసి చూసి జనం ఆ నిజాన్ని కూడా నమ్మడం మానేస్తే, మొదట దెబ్బ తగిలేది ధర్మవరం నేతగాడికి. ఇక "27 మంది చూస్తున్నారు" అన్నదాన్ని బయటి నుంచి సరిచూసే దారి దాదాపు లేదు. పది, ముప్పై మధ్య ఏదో ఒక అంకెను యాదృచ్ఛికంగా ఎంచే ఒక్క వరుస కోడ్‌తో ఇది తయారవుతుంది. నిజమే అయినా ఆ అంకె కొనేవాళ్లకు ఎందుకూ పనికిరాదు. చూస్తున్న 27 మందిలో ఎందరు కొంటారో అది చెప్పదు. దాన్ని మార్చి రాయడం కన్నా తీసేయడం మేలు.

టిక్కు ఎవరు పెట్టారు?

గడియారం కంటికి ఎదురుగా ఉంటుంది. టిక్కు కనిపించకుండా ఉంటేనే పనిచేస్తుంది. నమూనా పేజీలో మూడు గడులూ "వివరాలు" అన్న బాణం వెనుక మడతపెట్టి ఉన్నాయి. ఫోను తెర అడుగున "₹8,867 చెల్లించండి" అన్న పెద్ద బొత్తం ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటుంది. చీర ధర పై పేజీలో ఎక్కడో ఉండిపోయింది. రెండు అంకెలూ ఒకే తెరమీద పక్కపక్కన కనిపించవు కాబట్టి తేడా స్ఫురించదు. ₹8,499కీ ₹8,867కీ మధ్య తేడా నాలుగు శాతం పైచిలుకు. పన్ను అయ్యుంటుంది, కొరియర్ ఖర్చు అయ్యుంటుంది అని సర్దుకునేంత చిన్నది. అంతకన్నా పెద్దదైతే పట్టుబడేది.

పట్టుకోవడం మాత్రం తేలిక. పేజీలో చూసిన ధరను మనసులో పెట్టుకుని, చెల్లించే ముందు మొత్తంతో పోల్చాలి. తేడా ఉంటే రూపాయి రూపాయికీ పేరు కనిపించాలి. టిక్కు తీశాక ఇంకో పని మిగిలి ఉంటుంది. చిరునామా మార్చినా, సంఖ్య మార్చినా, కూపన్ వేసినా కొన్ని పేజీలు చెల్లింపు భాగాన్ని మొదటినుంచి మళ్లీ గీస్తాయి, తీసిన టిక్కులు తిరిగి వచ్చి కూర్చుంటాయి. నమూనాలోని అమ్మాయి బెంగళూరు చిరునామా తీసి అనంతపురం చిరునామా ఇచ్చిన క్షణంలో జరిగేది ఇదే. అందుకని మొత్తం చూడడం అన్నిటికన్నా చివరన, చెల్లింపు బొత్తం నొక్కే ముందు జరగాలి.

డెవలపర్ వైపు నుంచి చూస్తే ఇదంతా ఒక్క మాట. ఆ గడి `<input type="checkbox" checked>` అని ఉంటుంది. చివరి `checked` తీసేస్తే నియమానికి లోబడినట్టే. ఇంత చిన్న మార్పు బెంగళూరు ఆఫీసుల్లో ఎందుకు ఇంత కష్టమవుతుందంటే, ఆ మాట వెనుక ఒక లెక్క ఉంది. వంద ఆర్డర్లలో ఎన్నింటికి అదనపు సేవ అంటుకుందో దాన్ని అటాచ్ రేటు అంటారు. అది పడిపోతే సమీక్ష సమావేశంలో ఎవరో ఒకరు జవాబు చెప్పుకోవాలి.

ఆ లెక్కను నిలబెట్టి చదివితే మరో అర్థం వస్తుంది. ఉదాహరణకు, రవాణా రక్షణ గడికి ముందే టిక్కు ఉన్నప్పుడు వెయ్యి ఆర్డర్లలో 410 మంది దాన్ని తీసుకున్నట్టు నమోదైందనుకుందాం. టిక్కు తీసి, అదే సేవను అదే చోట అదే ధరకు ఖాళీ గడితో చూపించినప్పుడు 60 మందే తీసుకున్నారనుకుందాం. సమావేశంలో దీన్ని 350 అమ్మకాల నష్టంగా చూపిస్తారు. నిజానికి ఆ 350 మంది ఎన్నడూ కొనలేదు. గడి ఎలా ఉందో అలా వదిలేశారంతే. ఒక్కొక్కరి దగ్గర ₹149 చొప్పున ₹52,150 వసూలైంది, అడగకుండా. వాళ్లలో కొందరికి ఆ సేవ నిజంగానే కావాలేమో, టిక్కు పెట్టే ఓపిక లేకపోయిందేమో అన్న వాదన వస్తుంది. దానికీ పరీక్ష ఉంది. ఆర్డరు అందిన వారానికి ఆ కొనుగోలుదారులను "మీరు రవాణా రక్షణ తీసుకున్నారా?" అని అడగాలి. తీసుకున్నట్టే తెలియనివాడు దాన్ని కోరుకున్నాడని ఎవరూ అనలేరు. చీర పాడై వచ్చినప్పుడు ఆ రక్షణను అడిగి వాడుకున్నవాళ్లు ఎందరో కూడా చూడాలి. డబ్బు కట్టినట్టు తెలియనివాడు దాన్ని వాడుకోవడానికీ రాడు.

ఇంకో ఖర్చు ఆ సమావేశంలోకి సాధారణంగా రాదు. అడగని ₹149 కనిపెట్టి కాల్ సెంటర్‌కు ఫోను చేసిన ప్రతి ఒక్కరి మాట వినడానికి ఒక మనిషి జీతం కావాలి, డబ్బు వెనక్కి పంపాలి. అది వేరే విభాగం ఖాతాలో పడుతుంది. రెండు ఖాతాలను ఒకే కాగితం మీదికి తెస్తే చాలాచోట్ల వాదన అక్కడే ఆగిపోతుంది. టిక్కు తీయాలని కోరే డిజైనర్ మొదట చేయవలసింది ఈ కాగితం తయారుచేయడం. చట్టం పేరు చెప్పడం దాని తరువాత.

ఆ చోట ఏమి రాయాలి

నిజాయితీగా రాయడమంటే మెత్తగా రాయడమో, పండుగ సందడి తగ్గించడమో కాదు. తొందర నిజమైనదైతే గట్టిగా చెప్పాల్సిందే. చెప్పకపోతే అది కూడా కొనేవాళ్లకు నష్టమే. రాసే ముందు దుకాణం నుంచి మూడు సంగతులు తెలుసుకోవాలి. అమ్మకం ఏ తేదీన, ఏ వేళకు ముగుస్తుంది? మర్నాడు ధర ఎంత? కొరియర్ ఎన్ని రోజులు తీసుకుంటుంది? రెండో ప్రశ్నకు జవాబు లేకపోతే, లేదా "అప్పుడు చూద్దాం" అని వస్తే, గడువు లేదన్నమాట. ఆ పేజీలో గడువు గురించి ఏమీ రాయకూడదు, "పండుగ ధర ₹8,499" అని చాలు.

జవాబు ఉందనుకుందాం. అమ్మకం 2026 నవంబరు 8, దీపావళి రాత్రితో ముగుస్తుంది. ఆ తరువాత ధర ₹9,999. గడియారం స్థానంలో ఈ వాక్యం వస్తుంది:

"ఈ ధర నవంబరు 8, ఆదివారం రాత్రి 11:59 వరకు. 9వ తేదీ నుంచి ₹9,999."

తేదీ చదివినవాళ్లు ఇంట్లో అడిగి రావచ్చు, జీతం పడేదాకా ఆగవచ్చు, ఆదివారం చిక్‌పేట వెళ్లి చీరను చేత్తో తాకి చూసి రావచ్చు. నిమిషాలు చూపే గడియారం ఈ దారులన్నీ మూసేస్తుంది. రెండో వాక్యం లేకపోతే మొదటిది సగమే నిజం. "తరువాత ధర పెరుగుతుంది" అని వదిలేస్తే ఎంత పెరుగుతుందో ఊహించుకునే భారం కొనేవాళ్ల మీద పడుతుంది, భయపడ్డవాడు ఎక్కువే ఊహించుకుంటాడు. గడియారం కూడా కావాలని దుకాణదారు పట్టుబడితే చివరి రోజున పెట్టవచ్చు. అయితే అది అందరికీ ఒకే క్షణానికి ముగియాలి, ఆ క్షణానికి ధర నిజంగా మారాలి:

```js
const end = new Date("2026-11-08T23:59:59+05:30");
if (Date.now() > end) showRegularPrice();
```

ముగింపు ఇక్కడ రాసి ఉన్న తేదీ. ఎవరు ఎప్పుడు పేజీ తెరిచినా మారదు. `+05:30` అన్నది భారత కాలమానం, అది లేకపోతే విదేశంలో ఉన్న కొడుకు తెరిచిన పేజీలో వేరే గడువు కనిపిస్తుంది. ఇది తెరమీది ధరను మారుస్తుందే తప్ప వసూలు చేసే ధరను కాదు. ఫోను గడియారం తప్పుగా ఉండవచ్చు కాబట్టి అసలు నిర్ణయం దుకాణం సర్వర్‌లో జరగాలి. తెరమీద ఒక ధర చూపి సర్వర్‌లో ఇంకోటి వసూలు చేస్తే అది మరో మోసం అవుతుంది.

దీపావళి పేజీలో అన్నిటికన్నా నిజమైన తొందర ధరది కాదు, రవాణాది. చీర పండుగలోపు అందకపోతే అంత హడావిడిగా కొన్నదానికి అర్థమే లేదు. చాలా పేజీలు చెప్పని సంగతి కూడా ఇదే. కొరియర్‌కు అయిదు రోజులు పడుతుందని దుకాణం అనుభవమైతే, "దీపావళిలోపు అనంతపురం చేరాలంటే నవంబరు 3, మంగళవారం లోపు ఆర్డర్ చేయండి" అని రాయాలి. 4వ తేదీ నుంచి ఆ స్థానంలో "ఇప్పుడు ఆర్డర్ చేస్తే దీపావళి తరువాత అందే అవకాశం ఉంది" అన్నది రావాలి. ఈ రెండో వాక్యం వల్ల కొన్ని ఆర్డర్లు పోతాయి. పండుగ దాటి వచ్చిన చీరను వెనక్కి పంపే ఆర్డర్లు అవే.

నిల్వ గురించి లెక్క తెలిస్తేనే రాయాలి. "మిగిలాయి" అన్న చోట ఎక్కడ మిగిలాయో చెప్పాలి, ఎందుకంటే సైటుకు కేటాయించినవి మూడు, దుకాణంలో పన్నెండు ఉండవచ్చు. "ఈ రంగులో ఆన్‌లైన్‌కు కేటాయించినవి 3. చిక్‌పేట దుకాణంలో మరికొన్ని ఉన్నాయి" అని రాస్తే అమ్మకం పోదు, మనిషి ఫోను చేస్తాడు. మూడూ అయిపోయాక "మళ్లీ మగ్గం నుంచి ఎప్పుడు వస్తాయి" అన్నది నేతగాళ్లను అడిగి రాయగలిగితే ఇంకా మంచిది. అడగకుండా "త్వరలో" అని రాయకపోవడమే మంచిది. కొట్టేసిన ₹13,999కు కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది: ఆ ధరకు ఆ చీరను ఎప్పుడైనా అమ్మి ఉంటేనే దాన్ని కొట్టేసే హక్కు ఉంటుంది.

అదనపు సేవల దగ్గర గడి ఖాళీగా ఉంచడంతో పని పూర్తికాదు. ఖాళీ గడి పక్కన "అవును, నా చీరకు రక్షణ కావాలి" అనీ, వద్దనేవారికి "పాడైనా ఫరవాలేదు" అనీ రాస్తే టిక్కు చేయని పనిని మాట చేస్తుంది. వద్దన్నవారిని చిన్నబుచ్చే ఈ పద్ధతి కూడా 2023 జాబితాలో ఉంది. రవాణా రక్షణకు సూటి వాక్యం ఇలా ఉండవచ్చు: "రవాణా రక్షణ, ₹149. దారిలో చీర తడిసినా చిరిగినా కొత్తది పంపుతాం." ఇక్కడ రాసే మనిషి ఆగి దుకాణాన్ని ఒక ప్రశ్న అడగాలి. ఈ ₹149 కట్టనివాళ్లకు తడిసిన చీర వస్తే ఏం చేస్తారు? ఎలాగూ మార్చి ఇస్తామంటే, ఆ ₹149కు ప్రతిఫలంగా ఇచ్చేది ఏమీ లేదు. దాన్ని ఏ మాటల్లో రాసినా నిజం కాదు, గడినే తీసేయాలి. పాడైన వస్తువును వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనడానికి 2020 నియమాలే ఒప్పుకోవు. బహుమతి పెట్టెకు ఈ చిక్కు లేదు. పెట్టె ఫొటో, ₹199, ఖాళీ గడి ఉంటే చాలు. కావలసినవాళ్లు టిక్కు పెట్టుకుంటారు. విరాళం చీర ధరతో కలవకూడదు. చెల్లింపు అయ్యాక, ఎవరికి వెళుతుందో పేరుతో, వేరుగా అడగడం మర్యాద.

ఇవన్నీ మార్చాక నమూనాలోని అమ్మాయి చూసే చెల్లింపు పేజీలో నాలుగు వరుసలే ఉంటాయి: చీర ₹8,499; అనంతపురానికి రవాణా ఉచితం; పన్నులు ధరలో కలిసి ఉన్నాయి; మొత్తం ₹8,499. బొత్తం మీది అంకె, మొదటి పేజీలో చూసిన అంకె ఒకటే. వాటి కింద ఖాళీ గడితో బహుమతి పెట్టె. పెడితే మొత్తం ఆమె కళ్లముందే ₹8,698కి మారుతుంది, తీస్తే తిరిగి ₹8,499కి వస్తుంది, చిరునామా మార్చినా అలాగే ఉంటుంది.

నవంబరు 9 ఉదయం పేజీలో ఉండాల్సిన వాక్యాన్ని కూడా ఇప్పుడే రాసి, సర్వర్‌లో తేదీతో సహా పెట్టుకోవాలి. పండుగ మర్నాడు సిబ్బంది సెలవులో ఉంటారు. పాత వాక్యం అలాగే ఉండిపోయి, పాత ధరే కొనసాగితే, అక్టోబరంతా చెప్పిన గడువు ఆ ఒక్క ఉదయంతో అబద్ధమవుతుంది. రాసిపెట్టాల్సింది ఇంతే: "దీపావళి ధర నిన్నటితో ముగిసింది. ఇప్పుడు ₹9,999."